ఇళ్లలో తేళ్లు: దాగే చోట్లు, కుట్టినప్పుడు ఇంటి చికిత్స, ఆసుపత్రి అవసరం

తేలు సాలీడు కుటుంబానికి దగ్గరి జీవి. ఎనిమిది కాళ్లు, ముందు వైపు రెండు డెక్కలు, వెనక పైకి వంగిన తోక, తోక చివర విషం నిండిన కొండి ఉంటాయి. పగలంతా చీకటి సందుల్లో దాక్కుని, పొద్దు వాలాక వేటకు బయల్దేరుతుంది. బొద్దింకలు, మిడతలు, చిమ్మెటలు, సాలీళ్లు దాని ఆహారం. మనిషిని వెతుక్కుంటూ వచ్చి కుట్టదు. తన మీద చెయ్యో కాలో పడి నలిగినప్పుడే కుడుతుంది.

తెలుగు నేలలో తేలు కుట్టిన చాలామందికి కొన్ని గంటలు భరించలేని నొప్పి ఉండి, ఆ తర్వాత తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం గుండె, ఊపిరితిత్తులు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది. ఈ రెండింటికీ తేడా తెలుసుకోవడానికి నొప్పి పనికిరాదు. నొప్పితో పెద్దగా ఏడుస్తున్న బిడ్డ సురక్షితంగానే ఉండవచ్చు. నొప్పి లేదంటూనే చెమటలో తడిసి, చేతులూ కాళ్లూ చల్లబడిన బిడ్డ ప్రమాదంలో ఉండవచ్చు. చెమట, వాంతులు, చల్లబడిన అరికాళ్లు గమనించే కుటుంబం సమయానికి ఆసుపత్రికి చేరుతుంది. ఈ వ్యాసం ముఖ్యంగా దక్షిణ, పశ్చిమ భారతంలో ప్రాణాపాయానికి కారణమయ్యే ఎర్రతేలు గురించి, అది కుట్టినప్పుడు చేయవలసిన పనుల గురించి వివరిస్తుంది.

ఎర్రతేలు, నల్లతేలు

మన ఇళ్ల చుట్టూ కనిపించే తేళ్లను జనం స్థూలంగా రెండు రకాలుగా చెబుతారు. ఒకటి ఎర్రతేలు. దీని శాస్త్రీయ నామం హాటెన్‌టోట్టా టామ్యులస్. పాత వైద్య గ్రంథాల్లో మెసోబ్యూథస్ టామ్యులస్, బ్యూథస్ టామ్యులస్ అన్న పేర్లతో కనిపించేది కూడా ఇదే. మహారాష్ట్రలోని కొంకణ్ తీరం, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, తమిళనాడు, గుజరాత్‌లోని సౌరాష్ట్ర ప్రాంతాల్లో దీని కాటు కేసులు ఆసుపత్రులకు వస్తుంటాయి. ఒళ్లు ఎర్రటి గోధుమ రంగులోనో పసుపు కలిసిన నారింజ రంగులోనో ఉంటుంది. కాళ్ల రంగు ఇంకాస్త లేతగా ఉంటుంది. తోకతో కలిపి కొలిస్తే ఐదు నుంచి తొమ్మిది సెంటీమీటర్ల వరకు పొడవు ఉంటుంది. చూడటానికి పెద్దగా భయం పుట్టించదు.

రెండోది నల్లతేలు. తెలుగు పల్లెల్లో దీన్ని మండ్రగబ్బ అంటారు. నిగనిగలాడే నలుపు రంగు, బలమైన వెడల్పాటి డెక్కలు, అరచేతిని దాటే పొడవుతో చూసినవాళ్ల గుండె ఝల్లుమనిపిస్తుంది. కానీ ఇది కుడితే సాధారణంగా కుట్టిన చోట నొప్పి, వాపు, ఎరుపు మాత్రమే కనిపిస్తాయి. ఒళ్లంతా విషం పాకడం అరుదు.

తేళ్ల గురించి తెలిసినవాళ్లు చెప్పే మోటు గుర్తు ఒకటుంది. డెక్కలు సన్నగా, తోక లావుగా ఉన్న తేలు విషం మీద ఆధారపడి బతుకుతుంది, కాబట్టి దానికి ఎక్కువ భయపడాలి. డెక్కలు లావుగా, తోక సన్నగా ఉన్న తేలు ఎరను డెక్కలతో నలిపి చంపుతుంది, కాబట్టి దాని విషం అంత బలమైనది కాదు. అయితే ఇంట్లో చీకట్లో, గాభరాలో చూసిన తేలు విషయంలో ఈ గుర్తును మరీ నమ్ముకోకూడదు. చికిత్స తేలు రంగును బట్టి కాదు, కుట్టించుకున్న మనిషి లక్షణాలను బట్టి జరుగుతుంది. తేలును పట్టుకోవడానికి, చంపి డాక్టరుకు చూపించడానికి ప్రయత్నిస్తూ సమయం పోగొట్టుకోవడం, ఇంకొకరు కుట్టించుకోవడం మంచిది కాదు.

దాగే చోట్లు

తేలుకు కావలసినవి మూడు: ఒంటికి ఇరువైపులా ఏదో ఒకటి తగిలేంత ఇరుకు, కాస్త తేమ, దగ్గరలో పురుగులు. ఈ మూడూ ఒకచోట కలిసిందంటే అక్కడ తేలు ఉండే అవకాశం ఉన్నట్లే. చాలా నెమ్మదిగా శక్తిని ఖర్చు చేసే జీవి కావడంతో తిండి లేకుండా నెలల తరబడి ఒకే సందులో ఉండగలదు. వాడని గదిలో తేలు ఉండదనుకోవడం అందుకే పొరపాటు.

ఇంటి బయట వంటచెరకు మోపులు, పిడకల గుట్టలు, గడ్డివాము అడుగు, పేర్చిన ఇటుకలు, పాత పెంకులు, కంకర కుప్పలు, రాళ్ల గోడల సందులు దానికి ఇష్టమైన చోట్లు. మట్టి గోడ బీటలు, పెంకుటింటి వాసాల మధ్య సందులు, గోడకూ గడపకూ మధ్య ఊడిన గచ్చు దాన్ని ఇంటి లోపలికి తెస్తాయి. లోపలికి వచ్చాక మూలన పడి ఉన్న గోనె సంచులు, చుట్టి పెట్టిన చాపలు, పరుపుల మడతలు, కొయ్యకు వేలాడే బట్టలు, విప్పేసిన చెప్పులు, బూట్లు, సామాన్ల గదిలోని అట్టపెట్టెలు దానికి ఆశ్రయాలవుతాయి. స్నానాల గదిలో తేమ కోసం కూడా చేరుతుంది.

కుట్టడం ఎక్కువగా చేతివేళ్ల మీద, పాదాల మీద జరుగుతుంది. చీకటి పడ్డాక పొయ్యిలోకి కట్టెలు తీసేటప్పుడు, రాత్రి ఉత్తకాళ్లతో పెరట్లోకి వెళ్లినప్పుడు, తెల్లారి బూట్లలో కాలు పెట్టినప్పుడు, నేల మీద పడుకున్న పిల్లలు నిద్రలో ఒత్తిగిలినప్పుడు, పొలంలో రాళ్లు ఎత్తేటప్పుడు కుడుతుంది. వేసవి చివర, తొలకరి రోజుల్లో ఈ సంఘటనలు పెరుగుతాయి. వేడిమి తేళ్ల కదలికను పెంచితే, తొలి వానలు వాటి బొరియల్లోకి నీరు నింపి ఇళ్ల వైపు తరుముతాయి.

తేలు ఒంటి పైపొరలో ఉండే పదార్థం అతినీలలోహిత కాంతిలో నీలిపచ్చగా మెరుస్తుంది. నోట్లను పరీక్షించడానికి వాడే చిన్న టార్చిలైట్లు చాలు. వెన్నెల లేని రాత్రి పెరట్లో, గోడల మీద, కట్టెల దగ్గర ఆ కాంతి వేసి చూస్తే మామూలు దీపంలో కనిపించని తేళ్లు స్పష్టంగా కనిపిస్తాయి. కొత్తగా పొర విడిచిన తేలు మాత్రం అలా మెరవదు.

విషం ఒంట్లో చేసే పని

నరాల గోడల్లో సోడియం లోపలికి వెళ్లడానికి సన్నని ద్వారాలు ఉంటాయి. సంకేతం వెళ్లాక అవి వెంటనే మూసుకోవాలి. ఎర్రతేలు విషంలోని ప్రోటీన్లు వాటిని మూసుకోనివ్వవు. దాంతో నరాలు ఆగకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. మనం అదుపు చేయలేని పనులను, అంటే గుండె కొట్టుకోవడం, చెమట పట్టడం, రక్తనాళాలు బిగుసుకోవడం, లాలాజలం ఊరడం వంటివాటిని నడిపే నాడీవ్యవస్థ ఈ తాకిడికి గాడి తప్పుతుంది.

మొదటి దశలో వాంతులు, ఒళ్లంతా నీరు కారే చెమట, నోట్లో ఊరే లాలాజలం కనిపిస్తాయి. మగవాళ్లలో, మగపిల్లల్లో అంగం కారణం లేకుండా బిగుసుకుని ఉండిపోతుంది. ఇది చెప్పుకోవడానికి మొహమాటపడే లక్షణం. కానీ ఎర్రతేలు విషం ఒంట్లో వ్యాపించిందనడానికి ఇది బలమైన గుర్తు కాబట్టి డాక్టరుకు తప్పకుండా చెప్పాలి.

రెండో దశలో అడ్రినలిన్ వంటి రసాయనాలు ఒంట్లోకి వరదలా వచ్చి పడతాయి. చర్మంలోని రక్తనాళాలు బిగుసుకోవడంతో చేతులు, కాళ్లు చల్లబడతాయి. రక్తపోటు పెరుగుతుంది, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఇంత బరువును తట్టుకోలేక గుండె నీరసించినప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతుంది. దగ్గు, ఆయాసం, నోటి వెంట గులాబీ రంగు నురుగు వస్తే ఆ దశ మొదలైనట్లే. ఆ తర్వాత రక్తపోటు పడిపోయి షాక్‌లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

తీవ్ర లక్షణాలు ఎక్కువమందిలో మొదటి నాలుగు గంటల్లోపే తొంగిచూస్తాయి. కొందరిలో ఆలస్యంగా వస్తాయి. పిల్లల్లో ప్రమాదం ఎక్కువ. తేలు వదిలే విషం పెద్దవాళ్లకూ చిన్నపిల్లలకూ ఒకటే మోతాదు కాగా, పిల్లల ఒళ్లు చిన్నది కావడమే దీనికి కారణం.

ఇంట్లో చేయవలసిన చికిత్స

మొదట మనిషిని కూర్చోబెట్టి లేదా పడుకోబెట్టి ధైర్యం చెప్పాలి. కుట్టిన చోటును సబ్బు, నీళ్లతో కడగాలి. వేలి మీద కుట్టి ఉంటే ఉంగరం, చేతిమీద అయితే గాజులు, గడియారం తీసేయాలి. వాపు వచ్చాక అవి రావు. ఆ కాలో చెయ్యో ఎక్కువ కదల్చకూడదు.

నొప్పికి మంచుముక్కలు బాగా పనిచేస్తాయి. పలుచని గుడ్డలో చుట్టి, పది పదిహేను నిమిషాలు కుట్టిన చోట ఉంచి, అంతే సమయం తీసేసి మళ్లీ పెట్టాలి. మంచు నేరుగా చర్మానికి తగిలితే కాలినట్లు గాయమవుతుంది. పారాసెటమాల్ వాడవచ్చు. పెద్దవాళ్లకు 500 లేదా 650 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సరిపోతుంది. పిల్లలకు బరువును బట్టి కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున లెక్క, అంటే 20 కిలోల బిడ్డకు 300 మిల్లీగ్రాములు. వాంతులు అవుతుంటే మాత్ర కోసం ఆగకుండా ఆసుపత్రికే వెళ్లాలి. నిద్రమాత్రలు, మత్తు మందులు ఇవ్వకూడదు. మగత వస్తే అది మందు వల్లో విషం వల్లో తెలియకుండా పోతుంది.

ఆ తర్వాత చేయవలసిన ముఖ్యమైన పని గమనించడం. కనీసం మొదటి ఆరు గంటలు ఎవరో ఒకరు పక్కన ఉండి అరగంటకోసారి నాలుగు విషయాలు చూడాలి. నుదురు, ఛాతీ చెమటతో తడిగా ఉన్నాయా? అరికాళ్లు, అరచేతులు ముట్టుకుంటే చల్లగా ఉన్నాయా? వాంతులు అయ్యాయా? ఊపిరి వేగంగా తీసుకుంటున్నారా? నాలుగింటికీ లేదనే జవాబు వస్తూ ఉంటే, నొప్పి ఎంత ఉన్నా పెద్దవాళ్లను ఇంట్లోనే ఉంచవచ్చు. ఒక్కదానికైనా ఔనని జవాబు వచ్చిందంటే ఇంటి చికిత్స అక్కడితో ముగిసినట్లే. పిల్లల సంగతి వేరు. వాళ్లను ఏ లక్షణం లేకపోయినా ఒకసారి ఆసుపత్రిలో చూపించడం మంచిది.

నాటు మందులు, మంత్రాలు

తెలుగు ఊళ్లలో తేలు కుట్టిన చోట చింతగింజను అరగదీసి అతికించడం, ఉత్తరేణి ఆకు నూరి పూయడం, ఉల్లిపాయ రుద్దడం, పటికను వేడిచేసి పెట్టడం, తేలు మంత్రం వేయించడం తరతరాల అలవాట్లు. వీటితో తగ్గిందని చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. తేలు కుట్టినవాళ్లలో ఎక్కువమందికి నొప్పి ఏమీ చేయకపోయినా కొన్ని గంటల్లో తగ్గుతుంది. మంత్రగాడి దగ్గర ధైర్యం దొరుకుతుంది, ఆ ధైర్యంతో నొప్పి తట్టుకునే ఓపిక వస్తుంది. ఇబ్బంది మిగిలిన కొద్దిమందితోనే. వాళ్ల ఒంట్లో విషం పాకుతున్నా, ఈ పూతలతో, మంత్రాలతో గంటలు గడిచిపోతాయి. గుండెకు ఇవ్వవలసిన మందు ఆ గంటల్లోనే ఇవ్వాలి. చింతగింజ వల్ల ప్రత్యేకించి హాని లేదు గానీ, దాని పేరిట పోయే సమయం ప్రాణాంతకం.

కొన్ని పద్ధతులు మాత్రం తమంతట తామే హాని చేస్తాయి. కుట్టిన చోటికి పైన గట్టిగా తాడు కట్టకూడదు. తేలు విషం కట్టుకు ఆగదు, పైగా రక్తం అందక చెయ్యి చెడిపోతుంది. బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, నిప్పుతో కాల్చడం వల్ల చీము పట్టే పుండ్లు తప్ప ప్రయోజనం లేదు. పొటాషియం పర్మాంగనేట్ గుళికలను నిమ్మరసంతో కలిపి పెట్టడం వల్ల చర్మం లోతుగా కాలుతుంది. సారా తాగించడం ఆపద ఎక్కడుందో కనిపించకుండా చేస్తుంది.

ఆసుపత్రికి వెళ్లవలసిన సందర్భాలు

ఈ కింది లక్షణాల్లో ఏదైనా కనిపిస్తే 108కి ఫోన్ చేసో, దొరికిన వాహనంలోనో బయల్దేరాలి:

- మళ్లీ మళ్లీ వాంతులు, ఒళ్లంతా చెమట, నోట్లో నీరు ఊరడం
- చేతులు, కాళ్లు చల్లబడటం, గుండె దడ
- మగపిల్లల్లో, మగవాళ్లలో అంగం బిగుసుకుని ఉండటం
- దగ్గు, ఆయాసం, పడుకోలేకపోవడం, నురుగు
- మగత, గందరగోళం, మూర్ఛ
- ముఖం, పెదవులు, నాలుక వాయడం, ఒళ్లంతా దద్దుర్లు. ఇవి అలర్జీ గుర్తులు, ఏ తేలు కుట్టినా రావచ్చు.

వీటిలో ఏదీ లేకపోయినా పన్నెండేళ్ల లోపు పిల్లలు, గర్భిణులు, గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవాళ్లు, వృద్ధులు ఆసుపత్రిలో కొంతసేపు డాక్టర్ల కనుసన్నల్లో ఉండటం మంచిది.

ఇంకో సందర్భం ఉంది. చీకట్లో ఏదో కుట్టింది, ఏమిటో కనిపించలేదు అన్నప్పుడు తేలేనని తేల్చేసుకోకూడదు. కట్లపాము రాత్రివేళ నేల మీద పడుకున్నవాళ్లను కాటేస్తుంది. ఆ కాటు దోమ కుట్టినట్లు ఉండి, నొప్పి, వాపు దాదాపు లేకపోవచ్చు. కాసేపటికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం, మింగలేకపోవడం మొదలవుతాయి. అందుకే కుట్టిన జీవిని చూడనివాళ్లు పాముకాటు అయి ఉండవచ్చన్న జాగ్రత్తతో ఆసుపత్రికి వెళ్లాలి. తేలు కుట్టినప్పుడు పాముకాటు విరుగుడు పనిచేయదు. దేనికి ఏ విరుగుడు ఇవ్వాలో డాక్టరు నిర్ణయించడానికి ఈ వివరాలే ఆధారం.

ఆసుపత్రిలో చికిత్స ఎలా మారింది

1970ల దాకా ఎర్రతేలు కుట్టి గుండె దెబ్బతిన్నవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు చనిపోయేవారు. ఆ పరిస్థితి మారిన చోటు మహారాష్ట్రలోని రాయగఢ్ జిల్లా, మహాడ్ పరిసరాలు. డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్ 1976లో అక్కడి బిర్‌వాడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేయడం మొదలుపెట్టారు. తేలు కుట్టి వచ్చినవాళ్లను దగ్గరుండి గమనించి, చెమట, వాంతులు, చల్లబడిన కాళ్లు, అంగం బిగుసుకోవడం రాబోయే గుండె ఆపదకు ముందస్తు గుర్తులని 1982లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రచురించారు.

మందు విషయంలోనూ మలుపు అక్కడే వచ్చింది. అంతదాకా స్టెరాయిడ్లు, అలర్జీ మందులు, అట్రోపిన్ ఇచ్చేవారు. వీటివల్ల మేలు కలగలేదు. అట్రోపిన్ అయితే లాలాజలం, చెమటలను ఆపినా గుండె మీద పడే భారాన్ని మరింత పెంచుతుంది. రక్తపోటుకు వాడే ప్రజోసిన్ బిగుసుకున్న రక్తనాళాలను సడలిస్తుంది కాబట్టి దాన్ని తేలు కాటుకు వాడి చూశారు. ప్రజోసిన్ ఫలితాలను బావస్కర్ దంపతులు 1986లో లాన్సెట్‌లోనే వెల్లడించారు. ఈ చికిత్స వాడుకలోకి వచ్చాక మరణాలు మూడు శాతం లోపుకు తగ్గాయి. ఈ సేవకు బావస్కర్‌కు 2022లో పద్మశ్రీ ప్రకటించారు.

ప్రజోసిన్ చవకైన నోటి మాత్ర. అయినా ఇంట్లో దాన్ని వేసుకోకూడదు. మొదటి మోతాదు తర్వాత రక్తపోటు ఉన్నట్టుండి పడిపోవచ్చు. అందుకే మాత్ర ఇచ్చాక బిడ్డను ఎత్తుకోకుండా, కూర్చోబెట్టకుండా పడుకోబెట్టి ఉంచుతారు. నెమ్మదిగా పనిచేసే రకం మాత్రలు దీనికి పనికిరావు. వాంతులు, చెమట వల్ల పోయిన నీటిని భర్తీ చేయడం కూడా ఇందులో భాగమే. అందుకే తాగగలిగినవాళ్లకు ఓఆర్‌ఎస్ నీళ్లు ఇస్తారు. ఊపిరితిత్తుల్లో నీరు చేరినవాళ్లకు ఆక్సిజన్, నైట్రోగ్లిసరిన్, డోబుటమిన్ వంటి మందులు, ఒక్కోసారి వెంటిలేటర్ అవసరమవుతాయి.

ఎర్రతేలు విషానికి గుర్రం రక్తం నుంచి తయారైన విరుగుడు కూడా భారతదేశంలో ఉంది. ముంబయిలోని హాఫ్కిన్ సంస్థ దీన్ని తయారుచేసింది. 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన బావస్కర్ దంపతుల అధ్యయనంలో 70 మంది రోగులను రెండు గుంపులుగా చేసి, ఒక గుంపుకు ప్రజోసిన్ మాత్రమే, రెండో గుంపుకు ప్రజోసిన్‌తో పాటు విరుగుడు ఇచ్చారు. విరుగుడు కూడా అందినవాళ్లు సగటున ఎనిమిది గంటల్లో కోలుకోగా, ప్రజోసిన్ ఒక్కటే అందినవాళ్లకు దాదాపు 18 గంటలు పట్టింది. విషం వ్యాపించిన తొలి గంటల్లో ఇస్తేనే విరుగుడుకు ఎక్కువ ఫలితం. అన్ని ఆరోగ్య కేంద్రాల్లోనూ అది దొరకదు. ప్రజోసిన్ మాత్రం చిన్న ఆసుపత్రుల్లో కూడా అందుబాటులో ఉండదగిన మందు, అందుకే పల్లెల్లో ప్రాణాలు నిలిపింది.

నొప్పి ఒక్కటే ఉండి, ఏ ఇతర లక్షణమూ లేనివాళ్లకు కుట్టిన చోట చుట్టూ లిగ్నోకైన్ సూదిమందు ఇచ్చి నొప్పి తగ్గిస్తారు. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌ను ఇందుకు వాడరు.

ఒక రాత్రి ఎలా గడుస్తుంది: నమూనా కేసు

ఆసుపత్రుల్లో సాధారణంగా కనిపించే క్రమాన్ని ఒక ఊహాత్మక కేసుగా చూస్తే విషయం తేలికగా అర్థమవుతుంది. జూన్ నెల. ఎనిమిదేళ్ల బాలుడు రాత్రి ఏడున్నరకు పెరట్లోంచి కట్టెలు తెస్తుండగా చూపుడువేలి మీద ఎర్రతేలు కుట్టింది. గట్టిగా ఏడ్చాడు. తల్లి వేలు కడిగి, మంచుముక్కలు పెట్టింది.

ఎనిమిదింపావుకు ఏడుపు తగ్గింది. ఇంట్లోవాళ్లు హమ్మయ్య అనుకున్నారు. నానమ్మ అరికాళ్లు పట్టుకుని చూసి, "ఒరేయ్, పిల్లాడి కాళ్లు మంచులా ఉన్నాయిరా, చొక్కా తడిసిపోయింది చూడు" అని కొడుకును పిలిచింది. అంతలోనే బాలుడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. నొప్పి తగ్గిందని ఇంట్లో వాళ్లు అనుకున్న ఆ క్షణమే నిజానికి విషం ఒంట్లో పాకడం మొదలైన క్షణం. తండ్రి మంత్రగాడి ఇంటి వైపు కాకుండా 108కి ఫోన్ చేశాడు.

తొమ్మిదిన్నరకు ఆసుపత్రి చేరేసరికి నాడి నిమిషానికి 140, రక్తపోటు 140/100. ఎనిమిదేళ్ల బిడ్డకు ఈ రెండూ బాగా ఎక్కువ. ఊపిరితిత్తుల్లో ఇంకా నీటి శబ్దం లేదు. డాక్టరు బరువును బట్టి ప్రజోసిన్ ఇచ్చి, పడుకోబెట్టి, ఓఆర్‌ఎస్ కొద్దికొద్దిగా తాగించమని తల్లికి చెప్పారు. ఆ ఊళ్లో విరుగుడు దొరికితే అదీ ఇచ్చేవారు. మూడు గంటలకోసారి చూసి మందు కొనసాగించారు. అర్ధరాత్రికి చెమట ఆగింది. తెల్లవారేసరికి కాళ్లు వెచ్చబడ్డాయి, నాడి సాధారణ స్థాయికి వచ్చింది. మందు ఆపవచ్చనడానికి డాక్టర్లు చూసే గుర్తు కూడా అదే: చేతులు, కాళ్లు వెచ్చగా, పొడిగా ఉండటం. అయినా ఒక రోజంతా పరిశీలనలో ఉంచాకే ఇంటికి పంపారు.

ఇదే బాలుడిని ఏడుపు తగ్గిందని నిద్రపుచ్చి ఉంటే, తెల్లవారుజామున ఆయాసంతో, నురుగుతో తీసుకురావలసి వచ్చేది. అప్పుడు ప్రజోసిన్ ఒక్కటి సరిపోదు. ఆక్సిజన్, ఐసీయూ కావాలి. ఒక మాత్రతో తీరే కష్టానికీ ఐసీయూ దాకా వెళ్లే కష్టానికీ మధ్య ఉన్న తేడా ఆ నానమ్మ అరికాళ్లు ముట్టి చూడటమే.

ఇంటిని తేళ్లకు దూరంగా ఉంచడం

తేలు నున్నని నిలువు గోడలను ఎక్కలేదు. గాజు, నున్నటి టైల్స్ మీద దాని కాళ్లకు పట్టు దొరకదు. ఈ ఒక్క విషయం నివారణలో బాగా పనికొస్తుంది. గోడల అడుగున మోకాలి ఎత్తు వరకు నున్నగా సిమెంటు పూస్తే, లేదా టైల్స్ వేస్తే తేలు ఇంట్లోకి పాకడం కష్టమవుతుంది. మంచాన్ని గోడకు జానెడు దూరంగా జరిపి, దుప్పట్లు, దోమతెర నేలను తాకకుండా చూసుకోవాలి. దోమతెర అంచులను పరుపు కిందికి దోపితే దోమతో పాటు తేలుకు కూడా దారి మూసుకుంటుంది. నేల మీద పడుకోకుండా మంచం మీద పడుకోవడం కట్లపాము ముప్పును కూడా తగ్గిస్తుంది.

గోడ బీటలు, గడప కింది ఖాళీలు సిమెంటుతో పూడ్చాలి. పెన్సిల్ పట్టేంత సందు తేలుకు చాలు. వంటచెరకు, పిడకలు, ఇటుకలు ఇంటి గోడకు ఆనించి పేర్చకూడదు. ఇంటికి దూరంగా, నేలకు ఎత్తుగా పెట్టిన కట్టెలను పగటిపూటే తెచ్చుకుని, తీసేటప్పుడు పట్టుకర్ర వాడాలి, లేదా చేతికి మందపాటి తొడుగు వేసుకోవాలి. చెప్పులు, బూట్లు వేసుకునే ముందు బోర్లించి దులపడం, కొయ్యకు వేలాడిన చొక్కా దులిపి వేసుకోవడం, పడుకునే ముందు పరుపు ఎత్తి చూసుకోవడం తేళ్లు ఉండే ప్రాంతాల్లో అలవాటు చేసుకోవాలి. రాత్రి బయటికి వెళ్లేటప్పుడు టార్చి, చెప్పులు తప్పనిసరి.

పురుగుమందులు తేళ్ల మీద పెద్దగా పనిచేయవు. వాటి ఆహారమైన బొద్దింకలు, మిడతలు తగ్గితే తేళ్లు కూడా అక్కడ నిలవవు. అందుకే బయట దీపం కింద పురుగులు పోగవకుండా చూసుకోవడం, చెత్త ఎత్తేయడం మేలు. కోళ్లు తేళ్లను తింటాయి. అయితే కోళ్లు మేసేది పగలు, తేళ్లు తిరిగేది రాత్రి. కాబట్టి కోళ్లు ఉన్నాయన్న ధీమాతో కట్టెలు ఇంటి గోడకు పేర్చుకోవడం సరికాదు.

తేళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లో ప్రతి కుటుంబమూ రెండు విషయాలు ముందే తెలుసుకుని ఉండాలి. రాత్రివేళ డాక్టరు ఉండే దగ్గరి ఆసుపత్రి ఏది, అక్కడ ప్రజోసిన్ ఉందా అన్నవి ఆ రెండు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల మందుల జాబితాలో ప్రజోసిన్ నిల్వ ఉండేలా గ్రామ పెద్దలు, ఆశా కార్యకర్తలు పట్టుబట్టడం ఏ మంత్రం కన్నా ఎక్కువ ప్రాణాలు నిలుపుతుంది.